ఒక గేమ్‌లోనే కెమెరా జారుతోంది, మిగతావాటిల్లో లేదు. స్టిక్ పోయినట్టా, డెడ్‌జోన్ గొడవా?

బెజవాడ_బుల్లెట్
పీసీలో ఆడతా, కేబుల్ పెట్టే. గేమ్‌ప్యాడ్ కొని 14 నెలలైంది, వారంటీ అయిపోయిన రెండో నెలకే మొదలైంది కథ. షూటింగ్ గేమ్‌లో కుడి స్టిక్ మీంచి వేలు తీసేసినా కెమెరా మెల్లగా కుడివైపుకి జారిపోతోంది, డ్రిఫ్ట్ అంటారే, అదే. గోడ వెనక నక్కి కూర్చుంటే నేను చూడాల్సిన తలుపు పది సెకన్లలో స్క్రీన్ అవతలికి వెళ్లిపోతోంది. ఫుట్‌బాల్ గేమ్ మాత్రం రోజూ ఆడుతున్నా, ఏ తేడా లేదు.

షాపులో చూపిస్తే "స్టిక్ పోయింది, 1,200 అవుద్ది" అన్నాడు, తిప్పి కూడా చూడలేదు. గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ 5 శాతం ఉంది. 10 చేస్తే జారడం ఆగుతోంది గానీ గురి మొద్దుబారిపోయింది, చిన్న కదలికలు అసలు పడట్లేదు. స్టిక్ నిజంగా పోతే అన్ని గేముల్లోనూ జారాలి కదా?

స్టీరింగ్_శీను
డ్రిఫ్ట్ కావాలంటే హ్యాండ్‌బ్రేక్ ముందే నొక్కాలి బ్రో, మలుపులోకి వెళ్లాక కాదు.

పైసావసూల్
శీనూ, ప్రశ్న చదివి రా నాన్నా. వాడు డ్రిఫ్ట్ వద్దంటున్నాడు.

కోఠి_కుర్రాడు
నాది గూడ గిట్లనే అయింది భయ్యా. దుమ్ము. ఇంకేం లేదు. స్టిక్‌ని పక్కకి వంచి ఆ సందులకెల్లి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు ఎయ్యి, అయిదు నిమిషాలు గుండ్రంగ తిప్పు, ఆరనియ్యి. నాది అప్పుడే సెట్ అయింది. 1,200 దండగ.

హాల్_ఫ్యాన్
ఎన్నిసార్లు కడుగుతారు దాన్ని? అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించుకో, జన్మలో డ్రిఫ్ట్ రాదు. మామూలు స్టిక్‌లు పోవడానికే పుట్టాయి.

టంకం_తాత
షాపువాడితో కలిపి ముగ్గురూ మందు రాసేశారు, నాడి ఒక్కరూ పట్టుకోలేదు. బుల్లెట్టూ, ముందు ఈ పని చెయ్యి. బ్రౌజర్‌లో ఏదో ఒక గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ తెరువు. కుడి స్టిక్ అడ్డం కదలిక సాధారణంగా `AXIS 2` దగ్గర కనబడుతుంది. మూడు సంగతులు రాసుకుని ఇక్కడ పెట్టు.

మొదటిది: ఏమీ ముట్టుకోకుండా ప్యాడ్ బల్ల మీద పెడితే ఎంత చూపిస్తోంది, ఆ అంకె నిలకడగా ఉందా, గంతులేస్తోందా.

రెండోది: స్టిక్‌ని పూర్తిగా ఎడమకి నెట్టి, వేలు టక్కున తీసేయ్యి. ఎక్కడ ఆగింది? పదిసార్లు చెయ్యి.

మూడోది: అదే పని కుడివైపు నుంచి.

డెడ్‌జోన్ సంగతి తర్వాత.

కోఠి_కుర్రాడు
ఫుట్‌బాల్ గేమ్‌ల కుడి స్టిక్‌తోని కెమెరా తిరగదు కదా? ట్రిక్కులకే వాడతం. మరి గండ్ల డ్రిఫ్ట్ ఉన్నా ఎట్ల తెలుస్తది? ఆ పోలికే తప్పు.

బెజవాడ_బుల్లెట్
ఓహ్. నిజమే, ఆ కోణం తట్టలేదు. ఆగండి, కుడి స్టిక్‌తో కెమెరా తిప్పే ఇంకో అడ్వెంచర్ గేమ్ ఉంది, అందులో చూస్తా.

చూశా. అందులో అస్సలు జారట్లేదు. స్టిక్ వదిలేస్తే బొమ్మలా నిలబడుతోంది.

తాతగారూ, మీరడిగినవి ఇవిగో. ఊరికే పెడితే 0.09, నిలకడగానే ఉంది, చివరి అంకె అప్పుడప్పుడు ఒకటి అటూ ఇటూ. ఎడమ నుంచి వదిలితే పదిసార్లూ 0.05 నుంచి 0.07 లోపలే ఆగింది. కుడి నుంచి వదిలితే 0.10 నుంచి 0.12. ఎడమ స్టిక్ మాత్రం 0.01, 0.02, అంతే.

కోడ్_కామాక్షి
గేములు రాయడమే నా పని, కాబట్టి "ఒక దాంట్లోనే ఎందుకు" అన్న ముక్క నేను చెప్తా.

ఏ స్టిక్కూ వదిలేశాక కచ్చితంగా సున్నాకి రాదు. కొత్త ప్యాడ్ కూడా 0.02, 0.03 దగ్గర ఆగుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ప్రతి ఆటగాడి కెమెరా పాకుతూనే ఉంటుంది. అందుకే మధ్యలో ఒక చిన్న వలయం గీసుకుని, స్టిక్ దాని లోపల ఉన్నంతసేపు సున్నా కిందే లెక్కేస్తాం. ఆ వలయమే డెడ్‌జోన్.

వలయం ఎంత పెద్దదన్నది గేమ్ రాసినవాళ్ల ఇష్టం. విండోస్‌లో గేములు ప్యాడ్‌ని చదవడానికి ఎక్స్‌ఇన్‌పుట్ అని ఒక పద్ధతి ఉంది, అందులో స్టిక్ విలువ 32767 దాకా వెళ్తుంది. దాని హెడర్ ఫైల్లోనే ఎడమ స్టిక్‌కి 7849, కుడి స్టిక్‌కి 8689 అని సిద్ధంగా రాసి పెట్టారు. అంటే కుడి స్టిక్‌కి దాదాపు 26 శాతం! చాలామంది అదే ఎత్తి వాడేస్తారు. నీ అడ్వెంచర్ గేమ్‌లో అంతే ఉందో, 15 ఉందో గానీ, నీ 0.09 ఆ వలయం లోపలే దాక్కుంది. షూటింగ్ గేమ్ వాళ్లు గురి సన్నగా ఉండాలని 5 పెట్టారు. 0.09 బయటికి వచ్చేసింది. స్టిక్ అదే, పరదా మారింది.

పైసావసూల్
నేను ఇన్నాళ్లూ డెడ్‌జోన్ అంటే మా ఇంట్లో వైఫై అందని వంటగది అనుకున్నా.

బెజవాడ_బుల్లెట్
సరే, అర్థమైంది. అయితే 10 పెడితే గురి ఎందుకు చెడింది? 10 కన్నా తక్కువ కదిలిస్తే పోయింది, ఒప్పుకుంటా. కానీ దాటాక కూడా ఒక్కసారిగా గంతు వేసినట్టు ఉంటోంది.

కోడ్_కామాక్షి
ఆ గంతు డెడ్‌జోన్ తప్పు కాదు, దాన్ని బద్ధకంగా రాసినవాళ్ల తప్పు. వలయం 0.10 అనుకో. నువ్వు 0.11 దాకా నెట్టావు. గేమ్ ఆ 0.11ని అలాగే తీసుకుంటే సున్నా నుంచి నేరుగా 11 శాతం వేగానికి దూకుతుంది. మధ్యలో 1 నుంచి 10 దాకా ఉన్న నెమ్మది వేగాలు నీకు ఇక దొరకవు. సరిగ్గా రాస్తే వలయం అంచు నుంచి మళ్లీ సున్నాతో మొదలెట్టాలి:

```
m = sqrt(x*x + y*y)
if m < dz:
    x = y = 0
else:
    k = (m - dz) / (1 - dz) / m
    x = x * k
    y = y * k
```

dz 0.10 అయితే, స్టిక్ 0.11 దగ్గర వచ్చే వేగం 0.011. గంతు ఉండదు. ఇంకోటి గమనించు, ఇక్కడ x, y కలిపి దూరం కొలిచాం. కొన్ని గేములు x ని విడిగా, y ని విడిగా కోస్తాయి. అప్పుడు మధ్యలో వలయం బదులు కూడిక గుర్తు ఆకారం వస్తుంది. దాదాపు నిలువుగా పైకి నెడుతూ కొంచెం కుడికి వంచితే ఆ కొంచెం మాయమై, కెమెరా పట్టాల మీద రైలులా నిటారుగా పోతుంది. మెల్లగా వాలుగా గీత గీసినట్టు తిప్పి చూడు, మెట్లు మెట్లుగా వెళ్తే అదే.

డాలస్_నాని
దీనికి తోడు, గేమ్ ల్యాంచర్‌లోనో ప్యాడ్ యాప్‌లోనో కూడా డెడ్‌జోన్ ఉందేమో చూసుకో. నాకు యాప్‌లో 10, గేమ్‌లో 15 ఉండేవి. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, స్టిక్ పావు దూరం నెట్టేదాకా ఏమీ కదిలేది కాదు. ఆర్నెల్లు నా చెయ్యే స్లో అనుకున్నా.

టంకం_తాత
బుల్లెట్టూ, నీ అంకెలు బాగున్నాయి. అంటే స్టిక్ బాగుందని కాదు, కథ స్పష్టంగా చెప్తున్నాయని.

ఒకటి, విలువ గంతులెయ్యట్లేదు. ఇది మంచి కబురు. రెండు, ఎడమ నుంచి వస్తే 0.06, కుడి నుంచి వస్తే 0.11. స్ప్రింగు స్టిక్‌ని ఒకే చోటికి తేవాలి, అది రెండు చోట్ల వదిలేస్తోంది. ఆ 0.05 తేడా యాంత్రికమైన వదులు. కొంచెం వదులు ప్రతి స్టిక్‌లోనూ ఉంటుంది, వాడకంతో పెరుగుతుంది. మూడు, ఆ రెండింటి నడిమి బిందువు 0.085. అది సున్నా దగ్గర ఉండాలి. అంటే ప్యాడ్ గుర్తుపెట్టుకున్న మధ్యస్థానం ఒకటి, ఇప్పుడు నిజంగా ఉన్నది మరొకటి.

ఈ మధ్యస్థానం జరగడాన్ని క్యాలిబ్రేషన్‌తో సరిచేయొచ్చు. వదులు మాత్రం దానితో పోదు, దాన్ని డెడ్‌జోనే మింగాలి. నీ లెక్కలో క్యాలిబ్రేట్ చేశాక రెండు వైపులా 0.025 అటూ ఇటూ మిగలాలి. అప్పుడు ఆ 5 డెడ్‌జోన్ చాలు. 1,200 జేబులో పెట్టుకో.

కోఠి_కుర్రాడు
విండోస్‌ల `joy.cpl` తెరిచి అండ్ల క్యాలిబ్రేట్ కొట్టుమను, రెండు నిమిషాల పని.

కోడ్_కామాక్షి
అది పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ గేములకే పనికొస్తుంది కుర్రాడా. ఎక్స్‌ఇన్‌పుట్‌తో చదివే గేములు ఆ క్యాలిబ్రేషన్ వంక చూడవు. అందుకే చాలామంది అది చేసి "ఏం మారలేదు" అని తిట్టుకుంటారు. ప్యాడ్ లోపలి మెమరీలోనే మధ్యస్థానం మార్చాలి. కంపెనీ యాప్‌లో ఆ ఆప్షన్ ఉంటే సరి. కొన్ని ప్యాడ్‌లకి బటన్లు కలిపి నొక్కితే ఆ మోడ్‌లోకి వెళ్తుంది, మాన్యువల్‌లో ఉంటుంది.

బెజవాడ_బుల్లెట్
యాప్‌లో ఉంది. రాత్రికి చేస్తా. ఈలోపు ఒక అమాయకపు ప్రశ్న. అసలు మధ్యస్థానం ఎందుకు జరుగుతుంది? నేను కింద పడేయలేదు, తడి తగల్లేదు. దుమ్మే అయితే అంకె గంతులెయ్యాలి కదా?

టంకం_తాత
పెద్ద జవాబే, టీ తెచ్చుకో.

మామూలు స్టిక్ కింద రెండు పక్కల రెండు చిన్న డబ్బాలుంటాయి, చాలా వాటికి ఆకుపచ్చ మూత. ఒక్కోటి ఒక్కో పొటెన్షియోమీటర్, పాత రేడియో వాల్యూమ్ నాబ్‌కి మనవడు. మూత సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తితే లోపల తెల్లటి ప్లాస్టిక్ చక్రం, దానికి అతుక్కుని జుట్టుపిన్నులాంటి సన్నటి లోహపు కాళ్లు కనబడతాయి. ఆ కాళ్లు మూత లోపలివైపు పూసిన నల్లటి కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతాయి. బాగా ఆడిన ప్యాడ్ విప్పితే ఆ నలుపు మీద కాళ్లు నడిచిన చోట మెరిసే గీత పడి ఉంటుంది, అంచుల్లో నల్లటి పొడి. మా ఊళ్లో పొలం గట్టు మీద సైకిల్ చాలు పడినట్టు.

ఇప్పుడు లెక్క చూడు. పట్టీ మొత్తం నిరోధం 10 కిలో ఓమ్‌లు అనుకో. మధ్యలో కాలు ఉంటే అటు 5, ఇటు 5. వోల్టేజ్ సరిగ్గా సగం వస్తుంది, ప్యాడ్ దాన్ని 0 నుంచి 255 లోపల 127కో 128కో చదువుతుంది. పట్టీ ఒకవైపు ఎక్కువ అరిగింది, అక్కడ కార్బన్ పల్చబడింది, కాబట్టి నిరోధం పెరిగింది. ఆ వైపు 5 కాస్తా 5.5 అయిందనుకో. కాలు కదల్లేదు, స్ప్రింగు బాగానే ఉంది, కానీ ఇప్పుడు 10.5లో 5. సగం బదులు 0.476. ప్యాడ్ 121 చదువుతుంది. టెస్టర్‌లో దాదాపు 0.05 జరిగినట్టు కనబడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే.

పట్టీ రెండువైపులా సమంగా ఎందుకు అరగదు అంటావా? నువ్వు రెండువైపులా సమంగా ఆడవు గనుక. ఎడమ స్టిక్‌ని ముందుకి తోసి పరిగెత్తడమే సగం జీవితం.

బెజవాడ_బుల్లెట్
నేను కుడివైపే ఎక్కువ తిరుగుతానేమో మరి 😂 మరి దుమ్ము పాత్ర ఎక్కడ?

టంకం_తాత
కుర్రాడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఆ రాలిన కార్బన్ పొడి, దానికి తోడు వేలి జిడ్డు, కాలికీ పట్టీకీ మధ్య చేరితే స్పర్శ సరిగ్గా అందదు. అప్పుడు అంకె గంతులేస్తుంది, వదిలేసి ఉన్నా 0.02, 0.14, 0.05 అని ఆడుతుంది. ఆల్కహాల్ ఆ పొడిని కడిగేస్తుంది, అందుకే వాడిది బాగైంది. అరిగిపోయిన కార్బన్‌ని మాత్రం ఆల్కహాల్ తిరిగి పుయ్యలేదు. కడిగాక రెండు వారాల్లో మళ్లీ మొదలైతే కడగడం ఆపెయ్యి, పట్టీ అయిపోయింది.

ఇంకో సంగతి, తలుపు కీళ్లకి కొట్టే నూనె స్ప్రే మాత్రం ఎవరూ కొట్టకండి. అది ఆరదు, పొడిని పట్టుకుని జిగురు చేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ వేరు, అది వేరు.

కోఠి_కుర్రాడు
తాతా, నిజం చెప్పాలంటే నాది రెండు వారాలు కాదు, నెల పట్టింది. మళ్ల అయింది. ఇంతకుముందు చెప్పలే అంతే.

పైసావసూల్
కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల పరువు తీశావ్.

హాల్_ఫ్యాన్
అదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది. రాసుకునేదే లేకపోతే అరిగేదే లేదు. హాల్ సెన్సర్‌లో చిన్న అయస్కాంతం తిరుగుతుంది, సెన్సర్ దూరం నుంచి దాని క్షేత్రాన్ని కొలుస్తుంది. కార్బన్ లేదు, కాళ్లు లేవు. 1998లో వచ్చిన సెగా గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ ప్యాడ్‌లోనే ఈ పద్ధతి ఉంది! ఆ తర్వాత ఇన్నేళ్లు కంపెనీలు పైసలకి కక్కుర్తి పడి కార్బన్ పెట్టాయి.

డాలస్_నాని
నేను వేసుకున్నా, నా అనుభవం విను. ఆ స్టిక్ మాడ్యూల్‌కి బోర్డు మీద 14 టంకం బిందువులు. రెండు పొటెన్షియోమీటర్లకి మూడేసి, కింద నొక్కే బటన్‌కి నాలుగు, ఒళ్లు నిలబెట్టే కాళ్లకి నాలుగు. ఆ చివరి నాలుగూ గ్రౌండ్ రాగికి కలిసి ఉంటాయి, ఎంత వేడి పెట్టినా రాగి తాగేస్తుంది, సీసం లేని టంకం కరగదు. నేను ఓపిక లేక లాగాను. ఒక బిందువు చుట్టూ ఉన్న రాగి రింగు ఊడొచ్చింది. సన్న తీగతో జంపర్ వేసి గట్టెక్కా.

వేశాక టెస్టర్ తెరిస్తే రెస్ట్‌లో 0.07! కొత్త హాల్ స్టిక్! అయస్కాంతం బిగింపు పాత మధ్యస్థానంతో కలవలేదు. క్యాలిబ్రేట్ చేశాక సున్నాకి వచ్చింది. కాబట్టి "వేయించుకో, అయిపోయింది" అనకు.

హాల్_ఫ్యాన్
అది నీ చేతి పని, సెన్సర్ తప్పు కాదు. ఏడాదిన్నరగా నాది 0.01 దాటలేదు.

టంకం_తాత
మీరిద్దరూ చెప్పేది పొసగుతుంది. హాల్ వల్ల కార్బన్ అరుగుదల పోతుంది. కానీ స్ప్రింగూ, స్టిక్ కింద ఊగే ప్లాస్టిక్ గిన్నే అవే. బుల్లెట్‌కి ఉన్న ఎడమా కుడీ తేడా అక్కడిదే, హాల్ వేసినా ఆ వదులు మళ్లీ వస్తుంది. నానికి ఒక చిట్కా: ఇంకోసారి తీసేటప్పుడు పాత బిందువుల మీద ముందు మామూలు సీసం కలిసిన టంకం కొంచెం పూసి కలుపు, అప్పుడు తక్కువ వేడికే కరుగుతుంది. తర్వాత పీల్చే పంపు. లాగడం మాత్రం వద్దు, మాడ్యూల్ దానంతట అది కదలాలి.

స్టీరింగ్_శీను
ఇప్పుడు చదివా మొత్తం. నా స్టీరింగ్ వీల్ కూడా మధ్యలో కొంచెం తిప్పితే కారు తిరగదు. అదీ ఇదేనా?

కోడ్_కామాక్షి
కావచ్చు, గేమ్ స్టీరింగ్ డెడ్‌జోన్ సున్నా చేసి చూడు. అప్పటికీ అలాగే ఉంటే వీల్ లోపలి గేర్ల వదులు. అది వేరే కథ.

బెజవాడ_బుల్లెట్
మూడు వారాలయ్యాక వస్తున్నా. ఆ రాత్రే యాప్‌లో క్యాలిబ్రేట్ చేశా. ఎడమ నుంచి వదిలితే -0.02, కుడి నుంచి వదిలితే 0.03. తాతగారి లెక్క దాదాపు అచ్చంగా వచ్చింది. గేమ్‌లో 5 పెట్టినా జారట్లేదు, కానీ భయానికి 6 పెట్టుకున్నా. ఇవాళ మళ్లీ కొలిస్తే కుడి నుంచి 0.04. పెరుగుతోందా, నా చెయ్యి తేడానా తెలీదు, వారానికోసారి రాసుకుంటున్నా.

కొత్త డౌట్. ఎడమ స్టిక్ రెస్ట్‌లో బాగానే ఉంది, కానీ ముందుకి పూర్తిగా నెట్టినా `AXIS 1` -0.93 దగ్గరే ఆగిపోతోంది. మా వాడు కొన్నిసార్లు పరిగెత్తట్లేదు, నడుస్తున్నాడు. ఇది క్యాలిబ్రేషన్ వల్ల వచ్చిందా?

కోడ్_కామాక్షి
పరిగెత్తడానికి ఆ గేమ్ 0.95 అడుగుతోందేమో. గేమ్‌లో అవుటర్ డెడ్‌జోన్ అని ఉంటే 8 పెట్టు, 0.92 దాటితే పూర్తిగా నెట్టినట్టే లెక్కేస్తుంది.

టంకం_తాత
అది పైపూత. వెనక్కి నెడితే ఎంత వస్తోందో చెప్పు ముందు. వెనక్కి 1.00 వచ్చి, ముందుకి మాత్రమే 0.93 అంటే ఒక కథ. రెండువైపులా 0.93 అంటే క్యాలిబ్రేషన్‌లో అంచులు తిప్పే దశలో గుండ్రంగా పూర్తిగా తిప్పలేదేమో, అది ఇంకో కథ.

బెజవాడ_బుల్లెట్
వెనక్కి 0.99.

పైసావసూల్
పరిగెత్తి పరిగెత్తి ముందువైపు అరగదీశావ్.

టంకం_తాత
అనుమానం అటే. మూత తీసి ఫోటో పెట్టు, మెరిసే గీత ఎక్కడిదాకా ఉందో చూద్దాం.